ట్రేల దొంతర ఫొటో చూసి గుడ్లు, డజన్లు లెక్కకట్టడం: పగిలినవి పోను ఎంత?

గోదావరి వంతెన దాటి కాళేశ్వరం వైపు నుంచి సిరొంచకు వచ్చే గుడ్ల లెక్కలో ఒక చిక్కు ఉంది. అక్కడ ధర వంద గుడ్లకు చెబుతారు, బండిలోకి ట్రేల లెక్కన ఎక్కిస్తారు, ఇక్కడి కొట్లలో డజన్ల లెక్కన అమ్ముతారు. మధ్యలో ఎవరో ఒకరు ఫోన్‌లో ఫొటో పంపి "ఇవి ఎన్ని డజన్లు? పగిలినవి ఎన్ని తీసెయ్యాలి?" అని అడుగుతారు. అంకీసా, అసరెల్లి వైపు కొట్లవాళ్ల నుంచి ఈ ప్రశ్న పదేపదే వస్తోంది కాబట్టి మొత్తం పద్ధతి ఒక్కచోట రాస్తున్నాను.

ఇది 30 గుడ్ల కాగితపు ట్రేలకు, అంటే 5 వరుసలు, 6 నిలువులు ఉండే మామూలు ట్రేలకు వర్తిస్తుంది. మీ దగ్గర వేరే సైజు ట్రే ఉంటే ముందు ఒక ఖాళీ ట్రేలో గుంటలు లెక్కపెట్టి, 30 ఉన్నచోటల్లా ఆ అంకె వేసుకోండి.

## 1. ఫొటో తీయకముందు చేయాల్సినవి

లెక్క తప్పడం చాలావరకు ఫొటో దగ్గరే మొదలవుతుంది. ముందున్న దొంతర వెనకున్నదాన్ని కప్పేస్తుంది. ఒకే దొంతర రెండు ఫొటోల్లో పడి రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. ఈ రెండింటికీ మందు ఒక్కటే, దొంతరలకు నంబర్లు ఇవ్వడం. చిన్న కాగితం ముక్కల మీద 1, 2, 3 అని లావుగా రాసి ప్రతి దొంతర పైన పెట్టండి. ముందు వరుస ఎడమ నుంచి కుడికి, తర్వాత వెనక వరుస ఎడమ నుంచి కుడికి.

తర్వాత వంకర లేని ఒక కర్రనో పొడుగాటి స్కేలునో ముందు దొంతర మీద నుంచి వెనక దొంతర మీదకు అడ్డంగా పెట్టండి. రెండింటికీ తగిలితే ఎత్తు ఒకటే. కింద సందు కనిపిస్తే వెనక దొంతరలో ట్రేలు తక్కువ ఉన్నట్టు. వెనక వరుస మధ్యలో ఉన్న దొంతరలు ఏ పక్క నుంచి తీసినా ఫొటోలో పడవు. వాటి ఎత్తు తెలుసుకోవడానికి ఈ కర్ర తప్ప వేరే దారి లేదు.

ఫొటోలు ఇలా కావాలి:

- ఎదురుగా ఒకటి. ఫోన్ దొంతర సగం ఎత్తులో ఉండాలి. నిలబడి పైనుంచి వంచి తీస్తే కింది ట్రేలు ఒకదాని మీద ఒకటి అతుక్కున్నట్టు పడతాయి.
- కుడి పక్క నుంచి ఒకటి, వీలైతే ఎడమ పక్క నుంచి ఒకటి.
- స్టూలు ఎక్కి పైనుంచి ఒకటి. ఇందులో నంబరు కాగితాలన్నీ కనిపించాలి.
- తడి, మరక, పగులు ఉన్నచోట దగ్గర నుంచి విడిగా ఒక్కోటి.

ఫ్లాష్ వద్దు. తెల్ల గుడ్డు మీద ఫ్లాష్ పడితే పెంకు మొత్తం తెల్లని మచ్చలా వచ్చి పగులు మాయమైపోతుంది. షట్టరు తెరిచి పక్క నుంచి వెలుతురు పడేలా తీయండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు మామూలు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే సైజు తగ్గిపోయి, పెద్దది చేసి చూసినప్పుడు సన్నని గీతలు చెదిరిపోతాయి.

## 2. ట్రే అంచులు కాదు, గుడ్ల వరుసలు లెక్కపెట్టండి

చాలామంది పక్క నుంచి కనిపించే కాగితపు అంచులను లెక్కపెడతారు. అందుకే ఒకటో రెండో ఎక్కువ వస్తుంది. దొంతర పైన తాడు కొయ్యకుండా ఒక ఖాళీ ట్రేను బోర్లించి మూతలా పెడతారు. కొందరు అడుగున కూడా ఒక ఖాళీ ట్రే వేస్తారు. అంచులు 8 కనిపించినా గుడ్లున్నవి 7 ట్రేలే కావచ్చు.

కాబట్టి కింది నుంచి పైకి వెళ్తూ, గుడ్ల గుండ్రటి తలలు కనిపించే వరుసలనే లెక్కపెట్టండి. ఫోన్‌లో ఫొటో మీద రంగుతో గీసే సదుపాయం ఉంటుంది కదా, ఒక్కో వరుస మీద ఒక చుక్క పెట్టుకుంటూ పోతే కళ్లు తప్పవు. మధ్యలో రెండు అంచులు మామూలు కన్నా దగ్గరగా అతుక్కుని ఉంటే, అక్కడ అడుగు మెత్తబడిందని జంట ట్రే వేసి ఉంటారు. అది ఒక వరుస కిందే లెక్క.

ఇక్కడ ఒక మంచి ఆనవాలు ఉంది. సరిగ్గా పేర్చిన దొంతరలో ఒక ట్రేను నిలువుగా, దాని పైదాన్ని అడ్డంగా తిప్పి పెడతారు. అలా తిప్పితేనే పై ట్రే కింది ట్రే గుంటల్లోకి దిగిపోకుండా, కాగితపు ముడుపుల మీద బరువు నిలుస్తుంది. అందువల్ల ఎదురుగా చూస్తే ఒక వరుసలో 6 గుడ్లు, దాని పైన 5, మళ్లీ 6, మళ్లీ 5 కనిపిస్తాయి. పక్క నుంచి చూస్తే ఇదే తిరగబడి 5, 6, 5, 6 అవుతుంది.

ఈ క్రమం తప్పి, ఒకదాని మీద ఒకటి రెండు వరుసలు ఆరారు గుడ్లు చూపిస్తే రెండు సంగతులు అనుమానించండి. మీరు ఒక వరుసను రెండుసార్లు లెక్కపెట్టి ఉండవచ్చు, లేదా మధ్యలో ఒక వరుస వదిలేసి ఉండవచ్చు. అదేమీ కాకపోతే ట్రే తిప్పకుండా పేర్చారన్నమాట. అప్పుడు పై ట్రే బరువు నేరుగా కింది గుడ్ల మీద పడుతుంది. ఆ దొంతర నంబరు పక్కన గుర్తు పెట్టుకుని, విప్పేటప్పుడు మొదట దాన్నే విప్పండి.

## 3. ట్రేల నుంచి గుడ్లకు

ఒక్కో దొంతరలో గుడ్లున్న వరుసలు ఎన్నో కాగితం మీద విడివిడిగా రాసి, అన్నీ కలిపి 30తో గుణించండి. మూత లేని దొంతర పై ట్రేలో ఖాళీ గుంటలుంటే వాటిని తీసెయ్యండి. సగం ట్రేలో గుడ్లు లెక్కపెట్టడం కన్నా ఖాళీలు లెక్కపెట్టడం తేలిక. చీకటిగా, లోతుగా కనిపిస్తాయి కాబట్టి కంటికి వెంటనే ఆనతాయి.

మూత ఉన్న ట్రేలోనూ, లోపలి ట్రేల మధ్య గుంటల్లోనూ ఖాళీ ఉందో లేదో ఫొటో చెప్పదు. అన్నీ నిండుగా ఉన్నాయనే అనుకుని లెక్కకడుతున్నాం. ఈ మాట లెక్క పక్కన రాసి ఉంచాలి.

## 4. పగిలినవాటిని మూడు రకాలుగా విడదీయండి

అన్నింటినీ "డ్యామేజ్" అని ఒకే అంకె కింద వేస్తే తర్వాత తగువు తప్పదు.

కారినవి, చితికినవి. సొన బయటికి వచ్చింది, లేదా పెంకు లోపలికి నొక్కుకుపోయింది. ఇవి ఖాయం. పూర్తిగా తీసెయ్యండి. కారిన గుడ్డు పారెయ్యాల్సిందే.

నెర్ర అనుమానం ఉన్నవి. పెంకు మీద సన్నని గీత కనిపిస్తుంది, తడి లేదు. ఫొటో పెద్దది చేసి చూడండి. నిజమైన నెర్ర సన్నగా, నల్లగా, చివర కొమ్మల్లా చీలి ఉంటుంది. రెట్ట మరక గోధుమ రంగులో, ఒకే దిక్కుకు రాసుకుపోయినట్టు, ఒకచోట మందంగా ఉంటుంది. అంటుకున్న ఈక కూడా గీతలాగే మోసం చేస్తుంది. తేల్చుకోలేకపోతే విడి పట్టీలో రాయండి, ఇప్పుడే తీసెయ్యకండి. విప్పినప్పుడు చీకట్లో గుడ్డు వెనక టార్చి పెట్టి చూస్తే తేలిపోతుంది.

మరక పడ్డవి. పైన పగిలిన గుడ్డు సొన కింది వాటి మీదకు కారింది. మూడు ట్రేల మీదుగా పసుపు చార దిగిందంటే మూడు గుడ్లు పగిలినట్టు కాదు. చార ఎక్కడ మొదలైందో పైకి వెతకండి, అక్కడున్నదే పగిలిన గుడ్డు. అయితే మొదలు కనిపించకుండా చార రెండు వరుసల మధ్య సందులోంచి వస్తుంటే, పగిలింది లోపలి గుడ్డు. దాన్ని ఒకటిగానే వేసుకోండి, కానీ ఆ దొంతరను తొందరగా విప్పండి. సొన తాగిన కాగితపు ట్రే మెత్తబడి కుంగుతుంది, ఆ కుంగుడుకు కింది గుడ్లు కూడా నెర్రలిస్తాయి. సిరొంచ ఎండల్లో ఆ వాసనకు ఈగలు ముసరడానికి ఎంతోసేపు పట్టదు.

## 5. కనిపించని గుడ్లకు ఎంత తగ్గించాలి?

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. కొందరు కనిపించినవి మాత్రమే తీసేసి, మిగతావన్నీ మంచివే అనుకుంటారు. ఇంకొందరు అలవాటు కొద్దీ ట్రేకు ఒకటి చొప్పున కొట్టేస్తారు. రెండూ ఫొటో చెప్పిన లెక్కలు కావు.

ముందు ఫొటోలో అసలు ఎన్ని గుడ్లు కనిపించాయో లెక్కకట్టాలి. 30 గుడ్ల ట్రే ఎదురు వైపు నుంచి 6 లేదా 5 గుడ్లనే చూపిస్తుంది. ఎదురు, పక్క రెండూ చూసినా కనిపించేవి 10 మాత్రమే, ఎందుకంటే మూల గుడ్డు రెండు ఫొటోల్లోనూ పడుతుంది. మూత లేని పై ట్రే ఒక్కటే పూర్తిగా కనిపిస్తుంది.

తర్వాత పగులు ఎందుకు వచ్చిందో చూడాలి. తాడు బిగించిన గీత కిందే గుడ్డు చితికితే ఆ దెబ్బ అంచుకే తగిలింది, మధ్య గుడ్లకు తాడు తగలదు. కాబట్టి అలాంటి గుడ్లను తీసెయ్యండి, కానీ లోపలి గుడ్ల అంచనాకు వాడకండి. తాడుతో సంబంధం లేకుండా పగిలినవి దారిలో కుదుపులకో, పేర్చడంలో లోపానికో పగిలినవి. అవి లోపల కూడా ఉండవచ్చు. అంచనాకు పనికొచ్చేవి ఇవే.

లెక్క ఇలా:

- కనిపించిన గుడ్లను, తాడుకు సంబంధం లేకుండా పగిలినవాటితో భాగించండి. ఎన్ని గుడ్లకు ఒకటి పగిలిందో తెలుస్తుంది.
- కనిపించని గుడ్లను ఆ అంకెతో భాగించండి. లోపల పగిలి ఉండగలవాటి అంచనా వస్తుంది.

## 6. డజన్లు చివర్లోనే

ఒక ట్రే అంటే రెండున్నర డజన్లు. రెండు ట్రేలు 5 డజన్లు. ఏడు ట్రేల దొంతర 210 గుడ్లు, అంటే 17 డజన్ల 6 గుడ్లు. నోటి లెక్కకు జంట ట్రేల లెక్కే తేలిక.

దొంతర దొంతరకూ డజన్లు కట్టి, విడి గుడ్లు వదిలేయకండి. అలా చేస్తే ఏడు ట్రేల దొంతరకు 6 గుడ్ల చొప్పున పోతాయి, రెండు దొంతరలకే ఒక డజను మాయం. మొత్తం గుడ్లు కలిపి, పగిలినవి తీసేసి, అప్పుడు ఒక్కసారి 12తో భాగించండి. మిగిలినవి విడి గుడ్లుగా రాయండి.

ఫోన్‌లో షీట్ వాడేవాళ్లు మంచి గుడ్ల అంకెను A1 గడిలో వేసి, డజన్లకు మొదటిది, విడి గుడ్లకు రెండోది వాడవచ్చు:

```
=INT(A1/12)
=MOD(A1,12)
```

## 7. ఒక లోడు మొత్తం లెక్క

సిరొంచలో కిరాణా కొట్టు నడిపే ఒక అన్న ఎదురు, కుడి పక్క, పై ఫొటోలు పంపి, "తమ్మీ, డ్రైవర్ నిలబడి ఉన్నాడు, జల్ది లెక్క చెప్పు" అన్నాడు. "అన్నా, వెనక 5, 6, 7 నంబరు దొంతరలు కనిపిస్తలేవు, కర్ర పెట్టి చూడు" అంటే, చూసి ఎత్తు సమానమే అని చెప్పాడు.

ట్రేలు. ముందు వరుసలో 1 నుంచి 4 దాకా దొంతరలు, వెనక 5 నుంచి 8 దాకా. ముందు నాలుగింటిలో అంచులు 8 కనిపిస్తున్నాయి, కర్ర లెక్కన 5, 6, 7 కూడా అంతే ఎత్తు. ఈ ఏడింటికీ పైది బోర్లించిన మూత, కాబట్టి గుడ్లున్నవి ఏడేసి. ఎనిమిదో దొంతరకు మూత లేదు, 5 ట్రేలు. ఏడేళ్లు 49, దానికి 5 కలిపితే 54 ట్రేలు.

గుడ్లు. 54 × 30 = 1620. ఎనిమిదో దొంతర పై ట్రేలో ఖాళీ గుంటలు 8. మిగిలినవి 1612. జంటల లెక్కతో సరిచూస్తే 27 జంటలకు 135 డజన్లు, అందులో 8 గుడ్లు పోతే 134 డజన్ల 4 గుడ్లు. 1612ను 12తో భాగించినా అదే వస్తుంది.

కనిపించిన గుడ్లు. ఎదురుగా ఒక్కో దొంతరలో 6, 5, 6, 5, 6, 5, 6 కలిపి 39, నాలుగు దొంతరలకు 156. కుడి పక్క నుంచి నాలుగో దొంతరలో 38 కనిపించాయి, అందులో 7 మూల గుడ్లు ఎదురు ఫొటోలో ముందే వచ్చాయి కాబట్టి కొత్తవి 31. ఎనిమిదో దొంతర కింది నాలుగు ట్రేలలో పక్క నుంచి 22, పై ట్రేలో పైనుంచి 22. మొత్తం 231. లోడు అంతా కలిపి ఏడింట ఒక వంతు మాత్రమే కళ్లకు కనిపించిందన్నమాట. కనిపించనివి 1612 − 231 = 1381.

పగిలినవి. రెండో దొంతర ఎదురుగా తాడు గీత కింద రెండు చితికాయి. నాలుగో దొంతర ఎదురుగా ఒకటి కారింది, దాని పసుపు చార రెండు ట్రేలు దిగింది. అదే దొంతర కుడి పక్కన ఒకటి నొక్కుకుపోయింది. ఎనిమిదో దొంతర పై ట్రేలో ఒకదానికి చిల్లు. మొత్తం 5 ఖాయం. ఇంకో రెండింటి మీద గీతలున్నాయి, అవి అనుమానం పట్టీలోకి వెళ్లాయి.

ఖాయమైన లెక్క. 1612 − 5 = 1607. అంటే 133 డజన్ల 11 గుడ్లు. ఒక్క గుడ్డే తక్కువ కదా అని 134 అనేయడం తప్పు. ఆ అనుమానపు రెండు గుడ్లు ఇంకా ఇందులోనే ఉన్నాయి.

అంచనా లెక్క. తాడు దెబ్బ తిన్న రెండూ పక్కన పెడితే మిగిలినవి 3. 231ను 3తో భాగిస్తే 77, అంటే 77 గుడ్లకు ఒకటి. 1381ను 77తో భాగిస్తే దాదాపు 18. కనిపించిన 5, లోపలివి 18 కలిపి 23. 1612 − 23 = 1589, అంటే 132 డజన్ల 5 గుడ్లు.

ఈ 18ని గట్టి అంకె అనుకోకండి. ఇక్కడ కనిపించిన ఒక్కో పగులు లోపలి ఆరు గుడ్లను మోస్తోంది. మూడు బదులు నాలుగు కనిపించి ఉంటే అంచనా 24కు వెళ్లేది, రెండే అయితే 12కు తగ్గేది. అందుకే నా మట్టుకు ఈ అంచనాను సరుకు ఇచ్చినవాళ్ల బిల్లులో కోతకు వాడను. ఎన్ని డజన్లు అమ్మకానికి ఒప్పుకోవాలో తేల్చుకోవడానికే అది. ఈ లోడు మీద 132 డజన్ల కన్నా ఎక్కువకు మాట ఇవ్వకూడదు.

## 8. తప్పు ఎక్కడ జరిగిందో ఎలా తెలుస్తుంది?

- లెక్కలో ఒక్కో దొంతరకు సరిగ్గా ఒక ట్రే ఎక్కువ వచ్చిందా? మూత ట్రేలను కలిపేశారు.
- బిల్లు కన్నా 210 గుడ్లు ఎక్కువ వచ్చాయా? ఏడు ట్రేల దొంతర ఒకటి రెండు ఫొటోల్లో రెండుసార్లు పడింది. నంబరు కాగితాలు చూడండి.
- కొద్ది ట్రేలు ఎక్కువ వచ్చాయా? వెనక దొంతర పొట్టిగా ఉంది, కర్ర పెట్టలేదు.
- డజన్లు తక్కువ, గుడ్లు సరిపోయాయా? మధ్యలోనే డజన్లు కట్టి విడి గుడ్లు వదిలేశారు.
- పగిలినవి మరీ ఎక్కువ వచ్చాయా? చార దిగిన గుడ్లన్నింటినీ పగిలినవాటిలో వేశారు, లేదా మూల గుడ్డును రెండు ఫొటోల్లోనూ లెక్కపెట్టారు.

## 9. జవాబు ఎలా రాయాలి, తర్వాత ఏది విప్పాలి

డ్రైవర్ వెళ్లకముందే సరుకు ఇచ్చినవాళ్లకు ఇలా ఒక మెసేజ్ పెట్టండి:

"54 ట్రేలు, పై ట్రేలో 8 ఖాళీలు, మొత్తం 1612 గుడ్లు. ఫొటోలో పగిలినవి 5: రెండో దొంతర 2, నాలుగో దొంతర 2, ఎనిమిదో దొంతర 1. అనుమానం 2. ప్రస్తుతానికి 133 డజన్ల 11 గుడ్లు. లోపలి ట్రేలు నిండుగా ఉన్నాయనుకుని వేసిన లెక్క ఇది. విప్పాక ట్రే ట్రేకూ ఫొటోతో చెబుతాం."

విప్పేటప్పుడు వరుస ఇది: ముందు సొన కారిన నాలుగో దొంతర, తర్వాత తాడు కోసిన రెండోది, దాని కనిపించని మూడు పక్కలూ చూస్తూ. ఆ తర్వాత ఎనిమిదోది, చివరికి మిగతావి. ఒక్కో ట్రే తీసి పైనుంచి ఫొటో తీస్తే 30 గుడ్లూ కనిపిస్తాయి, ఖాళీ గుంటలూ బయటపడతాయి. దొంతర నంబరు కాగితం ఆ ఫొటోలో పడేలా చూసుకోండి.

నెర్ర ఉన్నా కారని గుడ్లను విడి ట్రేలో పెట్టి, అదే రోజు ఆమ్లెట్ బండివాళ్లకు తక్కువ ధరకు ఇచ్చేయవచ్చు. వాటిని డజన్ల లెక్కలో కలపకండి, పట్టీలో వేరే వరుసలో రాయండి. మొదటి రెండు దొంతరలు విప్పగానే, వాటిలో దొరికిన అసలు అంకెలతో 5వ అంశంలోని భాగహారం మళ్లీ చేయండి. ఇప్పుడు 420 గుడ్లు పూర్తిగా చూసినట్టు కాబట్టి, మిగిలిన ఆరు దొంతరల అంచనాకు ఫొటో కన్నా గట్టి ఆధారం ఉంటుంది, కానీ ఇవి ముందే దెబ్బ కనిపించిన దొంతరలు కాబట్టి అది కాస్త ఎక్కువ రావచ్చు.